ఖాళీ బండి ఎత్తు

వెళ్ళేటప్పుడు పట్టిన బండి వచ్చేటప్పుడు ఎందుకు పట్టదు? వంతెన కిందికి జారిందా, బండి పైకి పెరిగిందా? వ్యాన్ల స్టాండులో, టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ డ్రైవర్లందరి ముందు సొంత బావ అతన్ని అడిగిన ప్రశ్న ఇది. జవాబు కోసం అడగలేదు. జవాబు తనే చెప్పేశాడు.

"తాగి తోలాడు. తాగినోడికి వంతెనేం కనపడుద్ది."

అతను తాగడు. ఆ సంగతి బావకు తెలుసు, బావను కట్టుకున్న అక్కకు తెలుసు, అది విని నవ్విన డ్రైవర్లలో సగం మందికి తెలుసు. కానీ వ్యాను బావది. రైలు వంతెన కింద నుంచి ఆ వ్యాను నిక్షేపంగా వెళ్తుందని రాళ్ళు తోలించుకునే పార్టీకి మాటిచ్చింది బావ. దాని నెత్తిన కొత్త క్యారియరు వెల్డింగు చేయించిందీ బావే. ఆ క్యారియరు వంతెన దూలానికి తగిలి, రేకు చీరుకుపోయి, పైకప్పు లోపలికి కూరుకుపోతే తప్పు ఎవరిదో ఒకరిది కావాలి కదా. బామ్మర్ది చేతికందే దూరంలో ఉన్నాడు.

ఆ సాయంత్రంతో అతని ఉద్యోగం పోయింది, కొత్త పేరు వచ్చింది. స్టాండులో అందరూ అతన్ని సొట్ట అనడం మొదలుపెట్టారు. పైకప్పు మీద పడ్డ సొట్టకు ఎప్పుడో రేకు మార్చారు. పేరు మీద పడ్డది అలాగే ఉండిపోయింది.

అన్నిటికంటే బాధేమిటంటే, తనకే సంగతి అంతుపట్టలేదు. గచ్చురాళ్ళు నింపుకుని అదే వంతెన కింద నుంచి మెల్లగా వెళ్ళాడు. రాళ్ళు దించి, ఖాళీ బండితో అంతకంటే మెల్లగా వచ్చాడు. సగం బండి దాటాక వెనక నుంచి చెవులు చిల్లులు పడే చప్పుడు. దిగి చూస్తే క్యారియరు ముందు కడ్డీకి గీతైనా లేదు, వెనక కడ్డీ మాత్రం విల్లులా వంగిపోయింది. ముందు భాగం దూరిన చోట వెనక భాగం ఎందుకు దూరలేదు? ఈ మాట ఎవరికి చెప్పినా, మత్తు ఇంకా దిగలేదన్నమాట అని నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు అతనికే అనుమానం వచ్చింది, ఆ రోజు కళ్ళు మూతలు పడ్డాయేమోనని.

గుట్టు ఒక గోడ చెప్పింది. అప్పటికి వేరే యజమాని దగ్గర చేరాడు. ఒకసారి బియ్యం గోడౌనులో వ్యానును తెల్లసున్నం గోడకు బాగా ఆనించి పెట్టాడు. హమాలీలు బస్తాలు దించుతున్నంత సేపూ క్యాబిన్లో కునుకు తీశాడు. లేచి చూస్తే, క్యారియరు వెనక మూల రాసుకున్న చోట గోడ మీద పచ్చరంగు గీత ఒకటి ఉంది. అడ్డంగా కాదు, నిలువుగా. బస్తా బస్తాకీ బండి కింది స్ప్రింగు పట్టీలు బరువు దించుకుని లేచాయి, పట్టీలతో పాటు బండి లేచింది, బండితో పాటు క్యారియరు గోడను గీసుకుంటూ పైకి పోయింది. ముందు మూల దగ్గర గీత గోరంత. వెనక, బరువంతా మోసే ఇరుసు మీద, నాలుగు వేళ్ళు.

అతను ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. బండి నిజంగానే పెరిగింది. బావ వెటకారానికి అన్న మాటే నిజం.

ఆ రోజే పరుగున వెళ్ళి బావకు చెప్పాడు. బావ చెవిలో పుల్ల తిప్పుకుంటూ విని, గోడలు చెప్పే కబుర్లు వినడానికి తనకు తీరిక లేదన్నాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి తమ్ముడి ముఖం చూసింది.

అప్పటి నుంచి అతని సీటు వెనక ఒక కర్ర చేరింది. ఒకదాంట్లోకి ఒకటి దూరే రెండు ముక్కల వెదురు కర్ర. చదునైన నేల చూసి బండి ఆపుతాడు. క్యారియరు మీద, లోడుంటే లోడు మీద, అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట ఒక చెక్కబద్ద అడ్డంగా పరుస్తాడు. తాడు ముడి ఎత్తుగా ఉంటే ముడి మీదే. బద్ద అంచు వరకు కర్ర సాగదీసి బిగిస్తాడు. ముందొకసారి, వెనకొకసారి కొలిచి, ఏది ఎక్కువైతే అది ఉంచుకుంటాడు. ఆ కర్రను వంతెన కిందికి తీసుకెళ్ళి చక్రాలు నడిచే చోట నిలబెట్టి, దూలం పొడుగునా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నడిపిస్తాడు. వంతెనకు తగిలించిన ఎత్తు బోర్డును నమ్మడు. ఆ బోర్డు రాశాక రోడ్డు మీద ఎన్ని పొరల తారు పోశారో బోర్డుకేం తెలుసు? షెడ్డుల్లోకి వెళ్ళాలన్నా అంతే. షట్టరు పూర్తిగా చుట్టుకోకుండా కిందికి వేలాడే అడుగు కడ్డీ దాకానే కొలుస్తాడు. వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. పెళ్ళికూతురి కొలతలు కూడా ఇలాగే తీసుకున్నావా సొట్టన్నా అని స్టాండులో ఆటపట్టించేవాళ్ళు. మీ ఆవిడ నన్ను పిలిచినప్పుడు చెప్తాలే అని అతనూ అంటించేవాడు. కర్ర మాత్రం మానలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. బావ రైలు వంతెనకు అవతల ఇల్లు కట్టుకున్నాడు. ఆ కాలనీకి ఒక పక్క రైలు కట్ట, మిగతా పక్కల మురుగు కాలువ. వ్యాను వెళ్ళాలంటే వంతెన తప్ప వేరే దారి లేదు. వరండాకు మిగిలిన గచ్చురాళ్ళు, ఇంటి సామాను ఒకే ట్రిప్పులో తోలించాలని బావ లెక్క. వ్యాను బావదే, కొత్తది. క్యారియరు మళ్ళీ వెల్డింగుదే. ఉన్న డ్రైవరు ఆ వంతెన పేరు చెప్పగానే కడుపునొప్పన్నాడు. అప్పుడు అక్క నోరు తెరిచింది.

"నా సామాను నా తమ్ముడు తోలితేనే కదులుద్ది. లేదంటే ఆ ఇంట్లో మీరొక్కరే ఉండండి."

తమ్ముడికి ఫోను చేసిందీ అక్కే. అతను వెంటనే ఒప్పుకోలేదు. తోలుతాను గానీ బండి ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి, బావ మాట్లాడకూడదు అన్నాడు.

పొద్దున్నే వెళ్ళేసరికి బావ క్యారియరు మీద మంచాలు కాళ్ళు పైకి పెట్టి కట్టించేశాడు. అతను బద్ద వేసి, కర్ర నిలబెట్టి, మంచాలు దించమన్నాడు. కాళ్ళు ఊడదీద్దామని బావ అన్నాడు. అతను బావ వైపు చూడకుండా తాడు విప్పాడు. మంచాలు రిక్షా ఎక్కాయి. రాళ్ళూ బీరువా లోపల, క్యారియరు ఖాళీ. మళ్ళీ కొలిచాడు. వంతెన దగ్గర కర్రకూ దూలానికీ మధ్య మూడు వేళ్ళు పట్టాయి. తక్కువే. అయినా గేరు మార్చకుండా, బ్రేకు మీద కాలు ఉంచి, చీమలా దాటించాడు.

సామాను దించేసరికి ఎండ తగ్గింది. బావకు హుషారొచ్చింది. రాళ్ళతోనే వచ్చిన బండి, ఇప్పుడు ఖాళీగా గాలిలా పోతుందని కూలీలకు చెప్తూ, బండిని స్టాండుకు చేర్చడానికి ముందు సీటెక్కి కూర్చున్నాడు. బండి వంతెనకు ముందు ఆగింది. ఇంజను ఆగింది.

"మళ్ళీ ఏమైందిరా?"

"దిగు బావా."

"పొద్దున కొలిచావు కదరా. రోజుకెన్నిసార్లు కొలుస్తావు?"

"నేను కొలవను. నువ్వు కొలిచి చూడు."

కర్ర బావ చేతికిచ్చాడు. అది పొద్దుటి ఎత్తుకే బిగించి ఉంది. బావ విసుక్కుంటూనే దాన్ని క్యారియరు వెనక మూల పక్కన నిలబెట్టాడు. కర్ర కొస క్యారియరు అంచుకు అందలేదు. పొద్దున సరిగ్గా అంచుకు ఆనిన కర్ర. బావ నేల వైపు చూశాడు, గుంటలో పెట్టానేమోనని. రెండడుగులు జరిగి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అందలేదు. నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి చూసుకున్నాడు. ముందు మూల దగ్గరికి వెళ్ళి పెట్టాడు. అక్కడ తేడా గోరంత.

పాతింటికి తాళం వేయడానికి రిక్షా వెనక నడిచొచ్చిన అక్క చూస్తోంది. కూలీలు చూస్తున్నారు. వంతెన కింద ఉన్న ఖాళీ మూడు వేళ్ళని పొద్దున అందరూ చూసిందే.

బావ వెనక కడ్డీ కింద నిలబడి దూలం వైపు, క్యారియరు వైపు మార్చి మార్చి చూశాడు. ఆ వంగిన పాత కడ్డీ గుర్తొచ్చి ఉంటుంది. దాన్ని పాతసామాన్ల వాడికి వేసింది ఆయనే.

"చక్రాల్లో గాలి తీద్దామా?" అన్నాడు చివరికి.

మెత్త టైర్లతో స్టాండుదాకా తోలితే టైర్లు ఉంటాయా అని అతను అడిగాడు. క్యారియరు ఊడదీద్దామంటే దానికి బోల్టులు లేవు, వెల్డింగు. అతను బండి వెనక్కి తిప్పి కొత్తింటి ముందు ఆపాడు. పని అయ్యాక మిగిలిన ఇసుక అక్కడ కుప్పగా ఉంది. గోతాల్లో నింపించి, వెనక ఇరుసు మీదికి వచ్చేలా పేర్పించాడు. నింపిన వాళ్ళలో బావ కూడా ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే గోతం మూతి పట్టుకున్నాడు. గోతం గోతానికీ బండి కుంగింది. కర్ర మళ్ళీ నిలబెట్టారు. అంచు కర్రకు దిగొచ్చేదాకా వేశారు, ఆ పైన ఇంకో రెండు వేశారు.

వంతెన కింద బావను వెనక నడవమన్నాడు. క్యారియరుకూ దూలానికీ మధ్య వెలుగు కనపడుతున్నంతసేపు రా రా అనాలి, కనపడకపోతే బండి మీద కొట్టాలి. బావ మెడ పైకెత్తి, ఆ సన్నటి వెలుగు మీద నుంచి చూపు తిప్పకుండా, రా రా అంటూ దాటాడు.

అవతల బండి ఆగాక బావ కిటికీ దగ్గరికొచ్చాడు. రేపటి నుంచి ఈ బండి నువ్వే తోలు అన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. తనకు బండి ఉంది. తనకు కావలసింది వేరే. ఆ రోజు అన్న మాట ఎక్కడ అన్నాడో అక్కడే, ఎవరి ముందు అన్నాడో వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలి. బావ ఏదో అనబోయాడు. ఇంటి మాట ఇంట్లోనే చూసుకుందామని కాబోలు. అక్క అడ్డొచ్చింది.

"ఆ మాట ఇంట్లో అన్నారా ఏంటి?"

చాలా రోజులు బావ స్టాండు వైపు రాలేదు. అతను కబురు పెట్టలేదు, అక్కింటికి వెళ్ళలేదు, మెత్తబడనూ లేదు. ఒక పొద్దున టీలు తాగే వేళకు బావ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా నిలబడ్డాడు. డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని అటు తిరిగారు. బావ నేల చూస్తూ, మావాడు ఆ రోజు తాగలేదు, ఖాళీ బండి లేస్తుందని నాకు తెలియలేదు అని గొణిగాడు. ముందు నిలబడ్డ ఇద్దరికి తప్ప వినపడలేదు.

అలాగే వెనుదిరిగిన బావా, అతనూ మళ్ళీ ఇంతవరకు కలుసుకోలేదు. ఆ రోజు అతను గ్లాసు కింద పెట్టి అన్నది ఒకటే మాట.

"గట్టిగా చెప్పు బావా. అప్పుడు గట్టిగానే చెప్పావుగా."