కంప్యూటర్ కట్టేసి పీపీటీ చేసే కన్యాకుమారి

మా ఎచ్చెర్లలో యూనివర్సిటీ దారి పొడవునా జిరాక్సు షాపులే. అయితే పీపీటీ చెయ్యమని వచ్చిన పిల్లల ముందు కంప్యూటర్ కట్టేసే షాపు మాదొక్కటే. ఆ ఘనత నా భార్య కన్యాకుమారిది. నేను బైండింగ్ చేసుకుంటాను, నోరు మూసుకుంటాను. మొదట్లో మూసుకునేవాణ్ణి కాదు. "నడిసొచ్చిన బేరాన్ని ఎనక్కి పంపేస్తావేటే?" అని గొడవ పడేవాణ్ణి. ఆవిడ వింటేగా! తరతరాలుగా వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టి ఇంత మొండితనం ఎక్కడ నేర్చిందో నాకిప్పటికీ అంతుబట్టదు.

మొన్న గౌరి వచ్చింది. శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు ఊరు. సోషల్ వర్క్ చదువుతోంది. వాళ్ళ ఊళ్ళో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మీద ప్రాజెక్టు చేసింది. వాళ్ళమ్మ చిన్నతల్లిదీ అదే పని. మొదటి సెమినార్లో గైడు మధ్యలోనే ఆపేసి, "ఏం చెప్పాలనుకుంటున్నావో తేల్చుకుని రా" అన్నాడట. మర్నాడే రెండో అవకాశం. అదీ పోతే డిగ్రీ వచ్చే ఏటికి పోతుంది. పిల్ల ముక్కు ఎగబీలుస్తూ పెన్‌డ్రైవ్ చాపింది.

తెరిచి చూస్తే ప్రతి స్లైడూ అక్షరాలతో కిక్కిరిసిపోయి ఉంది.

"ఇంత ఎందుకు ఎక్కించావే?" అంది కన్యాకుమారి.

"ఏ పిన్ని మాట ఒగ్గేసినా తప్పయిపోద్దక్కా. అందరూ నన్ను కూకోబెట్టి సెప్పినారు. ఊరెళ్తే నా మాటేదీ అని అడుగుతారు."

మా ఆవిడ కంప్యూటర్ కట్టేసింది. స్టిక్కీ నోట్స్ కట్ట, లావు స్కెచ్ పెన్ను ఆ పిల్ల చేతిలో పెట్టింది. "ఒక చీటీకి ఒకటే మాట. దూరం నుంచి అవుపించేలాగ రాయి. ఏది ముందు, ఏది ఎనక అని ఇప్పుడు సూడకు. అన్నీ బయట పడనీ."

చీటీలు ఎగిరిపోకుండా ఫ్యాన్ ఆపేశారు. చెమటలు కారుతుంటే నేను గొణుక్కున్నాను. కాసేపటికి షాపు గోడంతా పచ్చచీటీలే. గౌరి వాటిని గుంపులు చేసి, పైన పేర్లు పెట్టింది: కూర్మమ్మ పిన్ని, అప్పలమ్మ పెద్దమ్మ, మా అమ్మ.

"ఈళ్ళెవరో మీ సారుకేటి తెలుసు?" అని నవ్వింది కన్యాకుమారి. "ఎవరన్నారో కాదు, ఏటన్నారో సూడు. ఒకే సంగతి సెప్పినవి ఒక్క చోటికి సేర్చు. పేరు తరవాత పెడుదువు."

గౌరి చీటీలన్నీ పీకి మళ్ళీ అంటించింది. ఇసకలో ఆరబెట్టడం ఒక గుంపు. వాన ఒకటి. బడి మానేసే పిల్లలు ఒకటి. బేరగాళ్ళకి చవగ్గా అమ్ముకోవడం ఇంకొకటి. ఊరందరి మాటా ఉంది, కానీ ఇప్పుడది నాలుగు సంగతులుగా కనబడుతోంది. నా గొణుగుడు ఆగిపోయింది.

ఒక్క చీటీ మిగిలింది. వాళ్ళమ్మ మాట. 'వానొస్తే పిల్లనెత్తుకోవాలో, సేపనెత్తుకోవాలో తెలీదు.'

"ఇది ఎందులోనూ ఇమడట్లేదక్కా, తీసేత్తాను," అని చెయ్యి చాపింది.

"ఆగవే. ఎందులోనూ ఇమడట్లేదా, అన్నిట్లోనూ ఉన్నాదా?"

పిల్ల గోడ మీది గుంపులన్నీ ఒక్కొక్కటే మళ్ళీ చదువుకుంది. తర్వాత ఆ చీటీ తీసుకెళ్ళి అన్నిటికంటే పైన అంటించింది.

అప్పుడు పెద్ద కాగితం మీద గళ్ళు గీశారు. గడికొక స్లైడు. పైన ఒక పూర్తి వాక్యం, కింద పిచ్చి బొమ్మ. "బొమ్మలొదిలేసి వాక్యాలే సదువు," అంది మా ఆవిడ. గౌరి చదువుతుంటే వాన దగ్గర్నుంచి బేరగాడి దగ్గరికి ఒక్క గెంతు పడింది. నాకే తెలిసిపోయింది! గోడ మీద నుంచి ఒక చీటీ తెచ్చి మధ్యలో పెట్టారు: తడిసిన చేప నిలవుండదు, వచ్చిన రేటుకి అమ్మేయాలి. మళ్ళీ చదివితే చక్కగా సాగింది. మిగిలినవి పారెయ్యలేదు, 'అడిగితే చెప్పేవి' అని వేరే కాగితానికి అంటించారు. ఆ తర్వాతే కంప్యూటర్ తెరిచారు. స్లైడ్లు చకచకా అయిపోయాయి.

మర్నాడు బైండు చేసిన కాపీలు ఇవ్వడానికి వెళ్ళి సెమినార్ గది గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద ఒకే వాక్యం. గౌరి దాన్ని వాళ్ళ ఊరి యాసలోనే చదివింది.

గైడు పెన్ను కింద పెట్టాడు. "ఎవరి మాటమ్మా ఇది?"

"మాయమ్మది సార్."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చెప్పమ్మా, వింటాను," అన్నాడు. మళ్ళీ ఎక్కడా ఆపలేదు. నాకు మాత్రం కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది, సగం స్లైడ్లు చూడనేలేదు.