టైలరమ్మ తెచ్చిన పవరాఫ్ అటార్నీ

ఊళ్ళో సగం మంది చొక్కాల కొలతలు టైలరమ్మకు కంఠతా వచ్చు. ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఎవరైనా అడిగితే, "మా ఆయనకేం, రాయిలా ఉన్నారు" అని మిషను గడగడలాడించేది. ఆ చప్పుడులో రెండో ప్రశ్న వేసే ఓపిక ఎవరికుంటుంది?

మూడేళ్ళ కిందట తన మోకాళ్ళు మొరాయిస్తే, భర్త బ్యాంకు పనులు చూడమని ఆమె పేర పవరాఫ్ అటార్నీ రాసిచ్చాడు. ఆ కాగితంతోనే నెలనెలా ఆయన పింఛను తీసుకొస్తోంది. ఇప్పుడు ఆయన పేరనున్న డిపాజిట్‌ను గడువుకు ముందే మూసేసి, పగలు ఆయన్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని పెట్టుకుందామని బ్యాంకుకు వచ్చింది.

అక్కడి ఆఫీసరును అందరూ భూతద్దం అంటారు. తొందరపెడితే ఇంకా నెమ్మదించే రకం. స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, తేదీ చూశాడు. గుర్తింపు కార్డులోని ఫోటోను ఆమె ముఖంతో పోల్చాడు. భర్త సంతకాన్ని బ్యాంకులోని నమూనా పక్కన పెట్టుకుని మెలిక మెలికా పరీక్షించాడు. తర్వాత అధికారాల జాబితాను వేలు పెట్టి చదివాడు.

"సంతకం ఆయనదే. రద్దు చేసినట్టు కబురూ లేదు. కానీ ఇందులో ఖాతాలో వేయడం, తీయడం, చెక్కులు రాయడం వరకే ఉందమ్మా. డిపాజిట్ మూసే మాట ఎక్కడా లేదు."

"భార్యనే కదా సార్!"

"భార్యైనా రాసినంతవరకే. ఆయన చేత ఇంకోటి రాయించండి. ఆయన కదల్లేకపోతే మేమే ఇంటికొచ్చి మాట్లాడతాం."

అలాగేనని లేచి వెళ్ళిపోతే సరిపోయేది. పింఛనైనా చేతికొచ్చేది. అబద్ధమాడటం ఆమెకు కొత్త కాదు, రెండేళ్ళుగా అదే పని. కానీ పక్కనే మనిషి ఉండగా ఒంటరిగా బతకడం ఎంత నరకమో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ప్రాణం పోయేలా ఉంది.

"ఆయనతో మాట్లాడలేరు సార్. మతి లేదు. ఏం సంతకం పెడుతున్నారో తెలీదు. నేనెవరో కూడా తెలీదు."

భూతద్దం పెన్ను కింద పెట్టాడు. "డాక్టరు చూశాడా?"

"చూసి కాగితమిచ్చాడు. రెండేళ్ళయింది."

"అయితే ఈ పాత పత్రమూ చెల్లదమ్మా. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితంగా ఉన్నంతవరకే దీనికి విలువ. మీరు చెప్పాక నేను విననట్టు ఉండలేను." ఆయన గొంతు తగ్గింది. "ఆ డాక్టరు కాగితంతో కోర్టుకెళ్ళి, మిమ్మల్ని సంరక్షకురాలిగా నియమించమని అడగండి. ఆ ఉత్తర్వు తెస్తే అన్నీ మీరే చూసుకోవచ్చు."

ఆమె నోరు జారడంతో ఉన్న దారీ మూసుకుపోయింది. అయినా రెండేళ్ళుగా మోసిన మాట దిగిపోయినందుకు భుజాలు తేలికయ్యాయి.

ఆయన కాగితం తీసి ఆమె చిరునామా, ఫోను నంబరు రాసుకున్నాడు. "ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరం," అంది అలవాటుగా.

ఆయన రాయబోయాడు.

"కాదు సార్, నేనొక్కదాన్నే," అని టైలరమ్మ కౌంటరు మీద తల వాల్చి ఏడ్చింది.