రెండున్నర రూపాయల వడ్డీ

మా చెల్లెలి భర్త సత్తెనపల్లి పక్కన నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. ఆ ఏడు ఎనభై టిక్కీల మిర్చి, అంటే ఎనభై బస్తాల్లో ముప్పై నాలుగు క్వింటాళ్ళు, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. క్వింటా పదివేలు పలుకుతోంది. పెరుగుతుందని అందరి ఆశ. ఈలోగా ఉగాదికి ముందే వచ్చే ఏటి కౌలు లక్షా అరవై వేలు కట్టాలి. కట్టకపోతే పొలం ఇంకొకరికి పోతుంది. చెల్లెలి బంగారం అప్పటికే తాకట్టులో ఉంది. మిగిలింది సరుకు పెట్టినట్టు స్టోరేజీ వాళ్ళిచ్చిన బాండు ఒక్కటే.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. చదివింది తక్కువే. వడ్డీలు మాత్రం కాగితం లేకుండా కట్టగలను. బాండు మీద బ్యాంకులో ముప్పావలా వడ్డీకి అప్పు వస్తుందని బావను నేనే తీసుకెళ్ళాను. ముప్పావలా అంటే నూటికి నెలకు డెబ్భై ఐదు పైసలు, ఏడాదికి తొమ్మిది రూపాయలు.

మేనేజరు కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"సిబిల్ స్కోరు బాగా పడిపోయిందండీ. ట్రాక్టర్ లోను బకాయి ఉంది."

"నాకు ట్రాక్టరెక్కడిదండీ? ఎడ్లు కూడా లేవు," అన్నాడు బావ.

"మీకు లేదు. లోనుకు జామీను సంతకం మీది."

అప్పుడు గుర్తొచ్చింది. బావ పెదనాన్న కొడుకు ట్రాక్టర్ కొన్న రోజు. కొబ్బరికాయ కొట్టారు, బంధువులంతా చుట్టూ ఉన్నారు, షోరూం మనిషి కాగితాలు బానెట్ మీద పరిచాడు. అంతమందిలో పెట్టనంటే చుట్టరికం తెగుతుంది. మా వైపు ఎవరూ అననూ అనరు. పసుపు అంటిన వేళ్ళతోనే బావ సంతకం పెట్టాడు. తర్వాత అతను వాయిదాలు ఆపేశాడు. జామీను ఉన్నవాడు కూడా బాకీదారే కాబట్టి ఆ మచ్చ బావ పేరు మీదకూ ఎక్కింది.

"ఆ బకాయి తీరిస్తే చూద్దాం," అన్నాడు మేనేజరు. ఆ బకాయి మాకు కావలసిన అప్పుకంటే పెద్దది.

బయట ఫైనాన్స్ వ్యాపారి నూటికి నెలకు రెండున్నర రూపాయలు అన్నాడు. సరుకు విలువలో సగానికి మించి ఇవ్వనన్నాడు.

"బాండు నీ బీరువాలో ఉంటుందిగా, ఇంకా రెండున్నర ఎందుకయ్యా?" అన్నాను.

"ఏం గుమాస్తాగారూ, యార్డులో ఉండి మీరే అడిగితే ఎట్లా?" అని నవ్వాడు. "కాయ రేటు నా చేతిలో ఉందా? పదిమందికి తలా లక్ష ఇచ్చానండీ. ఒకడు ఎగ్గొట్టాడు. రేటు పడ్డాక వాడి సరుకు అమ్మితే అరవై వేలొచ్చింది. పోయిన నలభై వేలు మిగతా తొమ్మిదిమంది వడ్డీలో రావాలా, మా ఆవిడ మెళ్ళోంచి రావాలా? పైగా నేను తెచ్చేదే రూపాయింబావుకి."

మనసులో భాగించి చూశాను. తలకు నాలుగువేల నాలుగువందల చిల్లర. మంచి స్కోరున్న వాళ్ళలో ఎగ్గొట్టేది నూటికి ఒకడైతే ఆ వాటా చిన్నది, అందుకే వాళ్ళకు ముప్పావలా. అతని లెక్కలో తప్పు లేదు. తప్పు దొరుకుతుందేమోనని దారంతా వెతుక్కుంటూ వచ్చాను. దొరకలేదు. ఎగ్గొట్టేవాడు ఎవరో ముందుగా తెలియదు గనక ఎగ్గొట్టని వాడు కూడా వాడి బాకీ కడుతున్నాడు. లక్షా అరవై వేల అప్పుకు నెలకు వెయ్యీ రెండొందలు కట్టేచోట నాలుగువేలు కట్టమంటే, ఎగ్గొట్టనివాడు కూడా ఎగ్గొట్టే దాకా వస్తాడు. ఆ ముక్క మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

"తీసుకుందాం బావా, పొలం పోతే నేనేం చెయ్యను?" అన్నాడు బావ. అప్పు తీసుకున్నాం. కౌలు కట్టాడు.

మూడు నెలలకు రేటు ఎనిమిదివేలకు దిగింది. వ్యాపారి ఫోన్ చేశాడు. సరుకు విలువ తగ్గింది, అప్పు సగం దాటింది, వారంలో ఇరవై నాలుగు వేలు కట్టండి, లేకపోతే అమ్మేస్తానన్నాడు. కాగితంలో ఆ షరతు ఉంది. చదివే పెట్టాం సంతకం.

ఇరవై నాలుగు వేలు ఎక్కడా పుట్టలేదు. మా కొట్టు ఓనరును అడిగితే "మీ బావ స్కోరు సంగతి యార్డంతా తెలుసయ్యా," అన్నాడు. చివరికి మా కొట్లోనే టిక్కీలు దించి అమ్మాం. కొన్నవాడు చెయ్యి పెట్టి కాయ నలిపి, "తేమ లేదు, సరుకు బాగుంది," అన్నాడు. బావ అటు తిరిగి నిలబడ్డాడు. అసలు, వడ్డీ, స్టోరేజీ అద్దె, కమీషను, హమాలీ పోగా చేతికి డెబ్భై ఐదు వేలు వచ్చింది.

"లెక్క సరిగ్గానే చూశావా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"సరిగ్గానే చూశానమ్మా."

"అయితే ఇంకేం," అని లోపలికెళ్ళింది.

కౌలు కట్టిన నాలుగెకరాలు ఉన్నాయి గానీ, అంతా నాటడానికి ఆ డబ్బు చాలలేదు. రెండెకరాలు ఎలాగో నాటాడు. మిగతా రెండూ అదును దాటుతుంటే, తాను కట్టిన దానికి సగానికే పక్క రైతుకు ఇచ్చేశాడు. ఆ రైతుకు బ్యాంకులో ముప్పావలాకే అప్పు దొరికింది. కాయ ఎర్రబడ్డాక మా చెల్లెలు ఆ రెండెకరాల్లోకి కోత కూలికి వెళ్ళింది.