వేడి పెరిగాక

పుంగనూరు దగ్గర పల్లెలో మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. షెడ్డులో ఒక థర్మామీటరు ఉండేది, నా దిండు కింద ఇంకొకటి. షెడ్డులో వేడి పెరిగితే తడి గోనెపట్టాలు కట్టి చల్లబరిచేదాన్ని. నా ఒంట్లో వేడి పెరగాలని మాత్రం రోజూ నిద్ర లేవగానే, మంచం దిగకముందే, ఆ కడ్డీ నాలుక కింద పెట్టుకుని చూసేదాన్ని. నాకు బిడ్డ కావాలి, అంతే.

అర డిగ్రీ పెరిగిందంటే బిడ్డ నిలిచే రోజు అదేననుకుని, కుప్పంలో మోటార్ల షాపులో పనిచేసే మా ఆయనకు ఫోను చేసేదాన్ని. ఆయన ఓనరుకి ఏదో అబద్ధం చెప్పి సాయంత్రం బస్సెక్కేవాడు. అయినా నెల నెలా నెలసరి వచ్చేది. వస్తే పురుగుల షెడ్డులోకి పోకూడదని మా ఇంటి ఆచారం. నేను బయట కూర్చోగానే మా అత్త మొహం ముడుచుకునేది, వీధంతటికీ సంగతి తెలిసిపోయేది.

చివరికి ఇద్దరం మదనపల్లె డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఫోనులో నేను రాసుకున్న అంకెలు చూసి ఆమె తలపట్టుకుంది.

"పెరిగినాక పిలుస్తాండావా అమ్మా? పెరిగిందంటే అండం అప్పటికే వచ్చేసుంటాది. అది ఒక రోజు మించి బతకదు. ముందు రోజుల్లో కలవాల. కింద వచ్చే తడి, గుడ్డు తెల్లసొన మాదిరి జారతా, సాగతా ఉంటే అదీ గుర్తు."

ఫోనులో వీడియో చూసి నేర్చుకున్న తెలివి నాది. ఎవరి మీద కోప్పడాలో తెలియక మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఆ తర్వాతైనా కుదిరిందా? పురుగులు ఆఖరి దశకు వచ్చాయి. రాత్రంతా లేచి ఆకు వెయ్యాలి, నిద్రే లేకపోతే పొద్దున చూసిన వేడికి విలువ లేదు. మరుసటి నెల ఇన్ఫెక్షన్, లోపల పెట్టుకునే మాత్రలు. ఏది నా తడో, ఏది మందో తెలిసి చావలేదు.

ఒక్క నెల మాత్రం అన్నీ సరిగ్గా కుదిరాయి. సాగే తడి కనిపించింది, ఆయన ముందే వచ్చాడు, తర్వాత వేడి పెరిగి నిలిచింది. లోలోపల పేర్లు కూడా అనుకున్నాను. ఒక పొద్దున వేడి దిగింది, మధ్యాహ్నానికి నెలసరి వచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఈ గుర్తులు రోజును అంచనా కట్టేవే, బిడ్డ నిలుస్తుందని హామీ కావని డాక్టరమ్మ చెప్పే ఉంది. మా ఆయనకూ పరీక్ష రాసిచ్చింది. ఆయన ఇంకా పోలేదు.

షెడ్డు వాకిట్లో మా అత్త అడ్డంగా నిలబడింది.

"ఈ నెలా బయటేనా?"

"అవునత్తా, వచ్చింది. నా ఒళ్లు నేను రోజూ చూస్తానే ఉండాను. నీ కొడుకు పరీక్షకి ఎప్పుడు పోతాడో ఆయన్నే అడుగు. పురుగులకి ఆకలిగా ఉండాది, జరుగు."

ఆమె జరగలేదు. నేనే పక్కనుంచి ఆకు గంపతో లోపలికి పోయాను.