అరగంటకోసారి తిరిగొచ్చిన అయిదున్నర

ఆ శుక్రవారం నేను చేసిన తప్పు చిన్నదే. ఒక పెద్దమనిషి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబితే, నవ్వి, నెపం ఆయన వేళ్ల మీదికి నెట్టేశాను. అది ఆదివారం సాయంత్రానికి నాలుగు కాళ్లతో నడిచొచ్చి నా ముందు నిలబడింది. ఒకటి కాదు, వరసగా తొమ్మిది.

అప్పట్లో నేను కొంపల్లిలో పెళ్లి ఏర్పాట్లు చూసే ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ మనిషిని. మా బుకింగులన్నీ ఆఫీసు కంప్యూటర్లోని క్యాలెండర్లో ఉండేవి. శామీర్‌పేటలో మేం ఎక్కువగా వాడే ఫంక్షన్ హాలు వాళ్లేమో కొత్తగా వచ్చిన ఇంటర్నెట్ క్యాలెండర్ వాడేవారు. రెండుచోట్లా ఒకే తేదీని ఇద్దరికి ఇచ్చేసి తిట్లు తిన్నాక, రెండిటినీ కలిపే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. అరగంటకోసారి అది దానంతటదే లేచి రెండు క్యాలెండర్లూ చూస్తుంది. ఇక్కడున్నది అక్కడ లేకపోతే అక్కడ రాస్తుంది, అక్కడున్నది ఇక్కడ లేకపోతే ఇక్కడ రాస్తుంది. పేరూ సమయమూ రెండూ కలిస్తే, అది పాతదే అనుకుని వదిలేస్తుంది. ఆ చివరి వాక్యం రాసినప్పుడు నాకు నేను చాలా తెలివైనవాడిలా కనిపించాను.

ఆదివారం పెళ్లికొడుకు ఊరేగింపు ఒకటుంది. వెలుతురుండగానే వీడియో తీయాలని పెళ్లికొడుకు తండ్రి పట్టుబట్టడంతో అయిదున్నరకి పెట్టాను. ప్రోగ్రామ్ దాన్ని హాలు క్యాలెండర్లోకి చేరవేసింది.

హాలు మేనేజర్‌గారు గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ వేళలో ఆయన హాల్లో ఒక బల్బు కూడా మార్చనిచ్చేవారు కాదు. శుక్రవారం పొద్దున్నే ఆ అయిదున్నరని చూసి, నన్నడగకుండానే ఆరూ అయిదుకి జరిపేశారు. అది ఆయన హాలు, ఆయన ఇష్టం. తప్పేం లేదు.

తప్పంతా నా ప్రోగ్రామ్‌ది. అది లేచి చూసింది. ఆఫీసులో అయిదున్నర ఉంది, హాల్లో లేదు. సమయం మారింది కాబట్టి దానికి ఆ ఆరూ అయిదు ఎప్పుడూ చూడని ఊరేగింపు. పాపం హాలువాళ్లకి తెలియదు కాబోలని అయిదున్నరని మళ్లీ అక్కడ రాసింది. ఆరూ అయిదుని తెచ్చి ఆఫీసులోనూ రాసింది. మేనేజర్‌గారు టీ తాగి వచ్చేసరికి రాహుకాలం తిరిగొచ్చి కూర్చుని ఉంది. మళ్లీ జరిపారు. అరగంటకి మళ్లీ వచ్చింది.

నాలుగోసారికి నాకు ఫోన్ చేశారు.

"ఏమండీ, మీ ఆఫీసులో నామీద కక్షగట్టినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"ఎందుకండీ?"

"నేను ఆరూ అయిదంటే ఎవరో అయిదున్నర అంటున్నారండీ. నేను జరుపుతుంటే మళ్లీ పెడుతున్నారు. పట్టుదల మనిషిలా ఉన్నాడు."

నేను నా తెర చూశాను. ఆఫీసు క్యాలెండర్లో రెండే ఉన్నాయి, ఒక అయిదున్నర, ఒక ఆరూ అయిదు. ఇక్కడికి ఆరూ అయిదు ఒకసారి చేరిపోయింది కాబట్టి ప్రోగ్రామ్ మళ్లీ తేలేదు. పోగవుతున్నదంతా అవతలి వైపు, నేను చూడని వైపు.

"కంప్యూటర్ పొరపాటు చెయ్యదండీ. మీరు సేవ్ నొక్కడం మర్చిపోతున్నారేమో, వేలు కొంచెం గట్టిగా పెట్టండి" అన్నాను. పక్క సీటువాడు నవ్వితే నేనూ నవ్వాను. ఒక్కసారి ఆయన క్యాలెండర్ తెరిచి చూసుంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆయన వేలు గట్టిగా పెట్టి ఇంకో నాలుగుసార్లు జరిపారు. ఎనిమిదోసారి తర్వాత విసిగిపోయి ఇంటికెళ్లారు. ప్రోగ్రామ్‌కి విసుగులేదు కదా, చివరిగా ఇంకో అయిదున్నర రాసి నిద్రపోయింది. ఇప్పుడు హాలు క్యాలెండర్లో ఒకే ఊరేగింపు తొమ్మిదిసార్లు ఉంది, ఆయన జరిపిన ఆరూ అయిదులు ఎనిమిది, మిగిలిపోయిన అయిదున్నర ఒకటి.

ఇక గుర్రం సంగతి. ఊరేగింపులకి గుర్రాలు తెచ్చే అతను శామీర్‌పేట పక్క ఊళ్లో ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. హాలు క్యాలెండర్ ప్రతి ఊరేగింపుకీ ఒకరోజు ముందు అతని సెల్‌కి మెసేజ్ పంపేట్టు పెట్టాను. ఇంగ్లీషు చదవడం రాదంటే, "చదవక్కర్లేదు, మెసేజ్‌కి ఒక గుర్రం, అంతే గుర్తుపెట్టుకో" అని నేనే సూత్రం చెప్పాను. రెండు పెళ్లిళ్లుంటే రెండు మెసేజులు, రెండు గుర్రాలు. చాలా బాగా నడిచింది, ఆ శనివారం దాకా.

ఆదివారం అయిదింటికి నేను హాలు దగ్గరికి వెళ్లేసరికి గేటు పక్కన, కరీంనగర్ రోడ్డు వారన తొమ్మిది గుర్రాలు నిలబడున్నాయి. ఆటోలు ఆగి చూస్తున్నాయి. గుర్రాలతను జరీ తలపాగా సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"సలాం సార్. మస్తు పెద్ద పెండ్లి గదా గిది!"

"ఇన్ని ఎందుకు తెచ్చావయ్యా?"

"గట్లంటరేంది సార్? నిన్న అయిదున్నరకు ఒకటి టింగుమన్నది. సరే, ఒక గుర్రం అనుకున్న. ఆరుగొట్టినంక ఇగ ఒక్కతీర్గ టింగ్ టింగ్ టింగ్, ఎనిమిది. నా భార్య ఫోన్ ఖరాబైందన్నది. నేనన్న, సార్ పంపిండు, ఖరాబెట్లయితది అని."

అతను గొంతు తగ్గించాడు.

"నా తాన మూడే ఉన్నయ్ సార్. మేడ్చల్‌ల ఒకటి దొరికింది. కడమ అయిదు నాగారంల మా తోడల్లునియి. ఆయనతోని నాకు రెండేండ్ల సంది మాటల్లేవు. నీకు గుర్రాలు జూసుకునుడు రాదు, గాడిదలు పెట్టుకో అన్నడు గప్పుడు. నిన్న బోయి, పెద్ద పెండ్లి బట్టిన, ఇజ్జత్ నిలబెట్టు అని అడిగిన. ఇచ్చిండు. గని సూడనీకె తానే వచ్చిండు, గదిగో."

గేటుకి ఎదురుగా స్కూటర్ మీద ఒక లావుపాటి మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సినిమాకి ముందే వచ్చి సీటు పట్టినవాడిలా ఉన్నాడు.

"ఒక్క గుర్రమన్న ఖాళీగ వాపస్ బోతే జిందగీల నేను నాగారం దిక్కు మొఖం పెట్టి పోలేను సార్."

అప్పటికే మేనేజర్‌గారు పరిగెత్తుకొచ్చారు. "ఆరయ్యేదాకా గేటు తియ్యనండీ!" తర్వాత గుర్రాలని చూశారు. లెక్కపెట్టారు. నన్ను చూశారు. "వేలు గట్టిగా పెట్టానండీ, మీరు చెప్పినట్టే" అన్నారు.

నేను అక్కడే నిజం చెప్పేశాను. కక్షగట్టినవాళ్లెవరూ లేరని, ఆ పట్టుదల మనిషి నా ప్రోగ్రామేనని, మెసేజులూ అందులోంచే పుట్టాయని. గుర్రాలతను అంతా విని, "అయితే ఒక్కటే గావాల్నా?" అన్నాడు చాలా మెల్లగా. స్కూటర్ వైపు చూడలేదు.

"కాదు. తొమ్మిదీ కావాలి" అన్నాను. ఎందుకు కావాలో అప్పటికి నాకూ తెలియదు.

బస్సులో దిగిన పెళ్లివారి దగ్గరికి పరిగెత్తాను. పెళ్లికొడుకు తండ్రి, "ఒక్కటే చెప్పాం కదండీ" అన్నారు. "అవునండీ. తప్పు నాది, మిగతావి మా తరఫునే. దయచేసి ఎక్కండి" అని చేతులు జోడించాను. పెళ్లికొడుకు ఎక్కాడు. బావమరుదులు ఇద్దరు గోధుమరంగు గుర్రం నాదంటే నాదని కాసేపు తోసుకున్నారు. మేనమామలు ఇద్దరు పంచెలు బిగించారు. వాళ్లెక్కితే నేనెందుకు ఎక్కకూడదని తండ్రి కూడా ఎక్కేశారు. ఇంతలో పెళ్లికొడుకు నాయనమ్మ కర్ర పక్కనబెట్టి, "ఏరా, నన్నొకదాన్నే నడిపిస్తారా?" అంది. ముగ్గురు కలిసి కుర్చీ మీంచి ఎక్కించారు. ఎక్కాక ఆవిడ దిగనంది.

ఏడయ్యాయి. రెండు మిగిలాయి.

"మీరూ రండి" అన్నాను మేనేజర్‌గారితో.

"నాకు గుర్రమంటే భయమండీ."

"నాకూనండీ."

ఆయన గడియారం చూసుకున్నారు. ఆరూ అయిదయింది. "మంచి టైమే. పదండి" అని దేవుణ్ని తలుచుకుని ఎక్కేశారు. చివరికి తోడల్లుడి తెల్ల గుర్రం ఒక్కటే మిగిలింది. అది కరుస్తుందని అందరికీ ఎలా తెలిసిందో, ఎవరూ దగ్గరికి రాలేదు.

స్కూటర్ మనిషి మొదటిసారి నోరు విప్పాడు. "నా తెల్లదాని మీద ఎవలు?"

గుర్రాలతను నా వైపు చూశాడు. నేను ఎక్కాను. ఎక్కాను అనడం గొప్ప. అతను ఒకవైపు నుంచి ఎత్తితే రెండోవైపు జారి, మళ్లీ ఎత్తితే నిలదొక్కుకుని కూర్చున్నాను.

బ్యాండు మొదలైంది. ఎనిమిది గుర్రాలు హుందాగా హాల్లోకి నడిచాయి. నాది గేటు దాటగానే వరస వదిలి నేరుగా భోజనాల వైపు వెళ్లింది. అక్కడ వంటవాళ్లు క్యారెట్లతో హంసలు చెక్కి వరసగా పెట్టారు. తెల్ల గుర్రం మొదటి హంసని తల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నేను దాని మెడ పట్టుకుని, "వద్దమ్మా, వద్దు" అంటూ ఉండిపోయాను. వీడియో అతను పెళ్లికొడుకుని వదిలి మా వైపు తిరిగాడు.

వెనక నుంచి పెద్ద నవ్వు వినిపించింది. తోడల్లుడు స్కూటర్ దిగి గేటు లోపలికొచ్చి, గుర్రాలతని భుజం పట్టుకుని ఊగిపోతున్నాడు. "అరే, ఏం బరాత్ బట్టినవ్‌రా! ముసలమ్మ సుత గుర్రం మీదనే!" గుర్రాలతను తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇద్దరూ అలాగే లోపలికెళ్లి పక్కపక్కన కూర్చుని తిన్నారు.

సోమవారం పొద్దున హాలుకి వెళ్లాను. వెళ్లేముందే ఆఫీసులో ప్రోగ్రామ్ ఆపేశాను, లేకపోతే తుడిచిన అయిదున్నర మళ్లీ వచ్చి కూర్చునేది. మేనేజర్‌గారి పక్కన కూర్చుని అదనపు ఊరేగింపులన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. ప్రతిదానికీ ఆయన "దీన్నీ క్షమించేశానండీ" అంటూ వచ్చారు.

తర్వాత ప్రోగ్రామ్ మళ్లీ రాశాను. ఏ క్యాలెండరైనా తనలో రాసుకున్న ప్రతి కార్యక్రమానికీ లోపల ఒక నంబరు ఇస్తుంది. పేరు మార్చినా, సమయం మార్చినా ఆ నంబరు మారదు. ఇక్కడి నంబరుకి అక్కడి నంబరుని జతచేసి దాచేట్టు చేశాను. జత ఉంటే కొత్తది రాయదు, ఉన్నదాన్నే దిద్దుతుంది. రెండువైపులా మార్చి ఉంటే చివర మార్చినవాళ్ల మాట నెగ్గుతుంది. ఆదివారం అయిదున్నరకి ఒక ఉత్తుత్తి పెళ్లి పెట్టి, "జరపండి" అన్నాను మేనేజర్‌గారితో. ఆయన మూడుసార్లు జరిపారు, చివరిసారి ఆరూ అయిదుకి, ప్రతిసారీ వేలు చాలా గట్టిగా పెట్టి. మూడుసార్లూ ప్రోగ్రామ్‌ని నడిపాం. ఒకటే మిగిలింది, ఆరూ అయిదు. ఆఫీసులోనూ అదే. "కక్ష తీరిందండీ" అన్నారాయన. వేళ్ల గురించి అన్న మాటకి అప్పుడు క్షమాపణ చెప్పుకున్నాను.

మెసేజ్‌కి ఒక గుర్రం అనే సూత్రం కూడా తీసేశాను. ప్రతి ఊరేగింపుకీ ముందురోజు నేనే ఫోన్ చేసి నోటితో చెప్పడం మొదలుపెట్టాను.

"రేపు ఒకటే గుర్రం."

"పక్కానా సార్?"

"పక్కా."

"మళ్ల ఎనుకకెల్లి టింగ్ అనదు గదా?"

ఆ వారమే నాగారం వెళ్లి, తెల్ల గుర్రానికి ఒక సంచి క్యారెట్లు ఇచ్చొచ్చాను. హంసలు చెక్కడం నాకు రాదు, మామూలువే ఇచ్చాను. తినేసింది. సంచి కూడా.