నా ప్రశ్నలోని 5

మేడ్చల్‌లోని ఒక జూనియర్ కాలేజీలో పాత మాథ్స్ సారు మానేశాక, ఆయన క్లాసు నాకు అప్పగించారు. మొదటి రోజే బోర్డు మీద ఒక ఇంటిగ్రల్ రాశాను. పైన 2x+5, కింద x²+4x+13.

శామీర్‌పేట నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, క్లాసులో ఫస్టు, చాక్‌పీస్ అందుకుంది. పైదాన్ని (2x+4)+1గా విడదీసింది. కిందిదాన్ని (x+2)²+9గా మార్చింది. అంతవరకూ భేష్. తర్వాత చకచకా log(x²+4x+13) + tan⁻¹((x+2)/3) + c అని రాసి చేతులు దులుపుకుంది.

"tan⁻¹ ముందు 1/3 ఏదమ్మా?"

"దాని ముందట మాకు ఎన్నడు ఏం రాలే సార్."

క్లాసంతా అదే మాట. నాకు మతిపోయింది. పాత సారు చేయించిన లెక్కలు అడిగి చూశాను. ఒక్కదాంట్లోనూ భిన్నం మిగల్లేదు. విడదీశాక మిగిలే అంకె దాన్ని కొట్టేసేలా, ఆయన ఏరి మరీ ఇచ్చాడు. పిల్లలు భయపడతారనట! ఒళ్లు మండింది.

"నీ జవాబును డిఫరెన్షియేట్ చెయ్యి" అన్నాను.

చేసింది. పైన 2x+7 వచ్చింది. దాన్ని నా ప్రశ్నలోని 2x+5తో పోల్చి చూసింది. హమ్మయ్య, తప్పు తెలిసిందనుకున్నాను.

ఆమె డస్టర్ తీసుకుని నా ప్రశ్నలోని 5 చెరిపి, 7 రాసింది.

"లెక్కనే తప్పిచ్చిండ్రు సార్. ఇగ సరిపోయింది."

వెనక బెంచీల వాళ్లు చప్పట్లు కొట్టారు.