మా వదిన తలకు పట్టిన వెనిగర్

కంచరపాలెంలో నా పార్లర్‌కి రంగు వేయించుకోడానికి వచ్చేవాళ్లలో మా పెద్దాడపడుచుకి, అంటే మా వదినకి, భయపడ్డంత నేను ఇంకెవరికీ భయపడను. ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉంటుంది. కొడుకు నిశ్చితార్థం ఆదివారం. కాబోయే వియ్యపురాలిది గోదావరి జిల్లా, జుట్టు నిగనిగలాడుతుందని చెప్పుకుంటారు. ఆవిడ ముందు తెల్లవెంట్రుక కనపడితే పరువు పోతుందని మా వదిన బెంగ.

వారం ముందే నల్లగోధుమ రంగు వేశాను. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, డబ్బాలో వచ్చిన కండిషనర్ పట్టించాను. "రంగులో ఉండే క్షారం వెంట్రుక మీది పొలుసుల్ని లేపుతుంది వదినా. ఈ కండిషనర్‌లో పులుపు ఉంటుంది, అది వాటిని అణుస్తుంది. ఇంక చాలు" అన్నాను.

చాలలేదు. గురువారం తుపానులా వచ్చి ముసుగు తీసింది. కణతల దగ్గర జుట్టు రాగి చెంబులా ఉంది.

"ఏటే నీ రంగు! కల్తీదా?"

నాకు ఒళ్లు మండింది. కానీ దగ్గరికొస్తే గుప్పున గోబీ మంచూరియా వాసన.

"వదినా, తలకి ఏం పెడుతున్నావ్?"

"వెనిగరు. రంగు సీలైపోద్దని వీడియోలో సెప్పారు. రోజూ పోస్తన్నాను."

నీళ్లు కలపకుండానే పోసింది మహాతల్లి. మాడు మండితే "పనిసేత్తంది" అనుకుందట. వాసన పోవాలని గీజర్ వేడినీళ్లతో, షాంపూ రెండు మార్లు. మర్నాడు మళ్లీ వెనిగర్.

నవ్వితే ప్రాణం తీస్తుందని పళ్లు బిగబట్టాను. "మగ్గు నీళ్లలో చెంచాడు కలిపి ఒకసారి పోసుంటే జుట్టు మెత్తబడి మెరిసేది, అంతే. లోపలికి వెళ్లిన రంగుని తాళం వేసి ఉంచేది వెనిగర్ కాదు. దాన్ని కడిగేసింది నీ వేడినీళ్లూ షాంపూనూ."

"అయితే వీడియోలో సెప్పిన ఆ పీహెచ్చో ఏటో, అబద్ధమా?"

"అబద్ధం కాదు. నేను చెప్పిన క్షారం, పులుపు లెక్కే అది. రంగేసిన రోజు ముఖ్యం. రోజూ పోస్తే రంగు నిలబడదు, నీ తలే పాడవుద్ది."

మండిన మాడు చల్లబడేదాకా ఆగి, శనివారం తేలికపాటి అమ్మోనియా లేని రంగుని మాడుకి తగలకుండా కణతల మీద మాత్రం వేశాను. నిశ్చితార్థం దాకా తలస్నానం వద్దని ఒట్టేయించుకున్నాను. దొంగతనంగా కడిగేస్తుందేమోనని నాకు నిద్రపట్టలేదు.

నిశ్చితార్థంలో వియ్యపురాలు మా వదిన జుట్టునే చూస్తోంది. చివరికి పక్కకి లాగి, గొంతు తగ్గించి అడిగింది: "వదినగారూ, మీ రంగు భలే నిలిచిందండీ. నాదేమో ఎర్రబడిపోతోంది. రోజూ వెనిగర్ పోస్తున్నానండీ, అయినా..."

నేను అక్కడే నిల్చున్నాను. మా వదిన నా వైపు కన్నెత్తి చూడలేదు.

"వెనిగరా?" అంటూ బుగ్గన వేలేసుకుంది. "అయ్యో, అదెవరు సెప్పారమ్మా మీకు? అది నూడుల్స్‌లోకి గానీ తలకా! నాను సిన్నప్పట్నుంచీ ఎరుగుదును, రంగేసిన తలని ఊరికే కడక్కూడదు."